మూడు గంటల అప్పగింత

హిమేనా కొర్బో రాసే అప్పగింత మెసేజ్‌కి ఆ ఆఫీసులో ఒక పేరుంది. మిగతావాళ్ళు షిఫ్ట్ దిగేటప్పుడు ఆఫీసు చాట్ చానల్‌లో "అంతా ప్రశాంతం" అని రెండు ముక్కలు గిలికి, బ్యాగు భుజాన వేసుకుని లిఫ్ట్ దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. ఆమె మాత్రం చివరి అరగంట దానికే అట్టే పెట్టుకునేది. ఏం జరిగింది, ఇప్పుడెలా ఉంది, ఏం చూడాలి, చెయ్యి దాటితే ఎవరిని పిలవాలి. ఈ నాలుగు వరుసల పద్ధతి పెట్టింది ఆమే. అడిగిన ప్రశ్నే మళ్ళీ అడుగుతూ ఇంటికి ఫోన్లు వస్తుంటే విసిగిపోయి పెట్టింది. షిఫ్ట్ ఎక్కేవాడు ఆ మెసేజ్ చదివి, దాని కింద, ఆ దేశంలో అందరూ తాగే ఆకు టీ కప్పు బొమ్మ ఒకటి అంటించాలి. ఆ కప్పు పడేదాకా దిగేవాళ్ళు కుర్చీలోంచి లేవకూడదు. కప్పు పడిందంటే భారం చేతులు మారినట్టు.

మోంతెవిదేవో నగరం పాత పట్టణంలో, రేవు క్రేన్లు కనబడే మూడో అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. డయాలసిస్ రోగులను తెల్లవారుజామున ఇళ్ళ దగ్గర ఎక్కించుకునే వ్యాన్లకు, ఎవరిని ఎక్కడ ఎన్నింటికి ఎక్కించుకోవాలో ముందురోజు సాయంత్రమే జాబితాలు పంపడం వాళ్ళ సాఫ్ట్‌వేర్ పని. చూడ్డానికి పెద్ద విద్యేం కాదు. కానీ ఒక పేరు రాలిపోతే ఒక మనిషి గడప దగ్గర కూర్చుని ఎదురుచూస్తాడు, అతని ఒంట్లో రక్తం శుభ్రపడకుండా మిగిలిపోతుంది. ఈ సంగతి అక్కడ అందరికీ తెలుసు. కాకపోతే రోజూ తలుచుకునేవాళ్ళు తక్కువ.

తలుచుకునేవాడు విల్మార్ సొసా. యాభై ఒకటో ఏట ఈ పనిలోకి వచ్చాడు. అంతకుముందు ఇరవై రెండేళ్ళు మాంసం ఫ్యాక్టరీలో శీతల గదుల మెకానిక్కు. ఫ్యాక్టరీ మూతపడితే, సాయంకాలం తరగతుల్లో పిల్లల పక్కన కూర్చుని కోడ్ నేర్చుకున్నాడు. తొంభై రోజుల పరీక్షా కాలం మీద తీసుకున్నారు. ఆ తొంభై రోజులూ ఈ శుక్రవారంతో ముగుస్తాయి. ఉంచుకుంటారా, పొమ్మంటారా అన్నది ఆ రోజే తేలుతుంది. ఈ వయసులో ఇంకోచోట ఎవరు పిలుస్తారు తనని? ఆ మాట అతను పైకి అనలేదు గానీ, శుక్రవారం అన్నప్పుడల్లా థర్మాస్ మూత ఒకటికి రెండుసార్లు బిగించేవాడు.

వచ్చిన మొదటి నెలలోనే హిమేనా పద్ధతిలో ఒక లోటు పట్టుకున్నాడు.

"నీ నాలుగు వరుసలూ బంగారంలా ఉన్నాయమ్మాయీ. కానీ ఒకటి తక్కువైంది."

"ఏంటది?"

"ఏది ఆపి ఉంచామో రాయట్లేదు. మా ఫ్యాక్టరీలో ఏ అలారం తీగ పీకినా, ఆ స్విచ్‌కి ఎర్ర అట్టముక్క కట్టేవాళ్ళం. మీద పీకినవాడి పేరు. తర్వాత వచ్చినవాడు అది చూసి, ఇది మోగదు, నేనే చూసుకోవాలి అనుకుంటాడు. అట్ట కట్టకుండా ఇంటికెళ్తే మర్నాడు గేటు దగ్గరే ఆపేసేవాళ్ళు."

హిమేనా నవ్వి, ఆ సాయంత్రమే ఐదో వరుస చేర్చింది. 'ఆపి ఉంచినది.' విల్మార్ ఎర్ర అట్ట అని దానికి పేరు కూడా పడింది.

శుక్రవారం ఇంకా మూడు రోజులుందనగా, మంగళవారం ఉదయం పదకొండు కాకముందే జాబితాల క్యూ ఆగింది. జాబితాలన్నీ ఒకదాని వెనక ఒకటి వరుసలో నిలబడితే, ఒక ప్రోగ్రామ్ ఒక్కొక్కటే తీసి డ్రైవర్ల ఫోన్లకు పంపుతుంది. క్లయింటు వారం క్రితం పెట్టిన కొత్త ఫారంలోంచి ఒక తప్పుడు చిరునామా వచ్చిపడింది. దాని దగ్గర ప్రోగ్రామ్ ఇరుక్కుపోయి, అదే ముక్కను మళ్ళీ మళ్ళీ నములుతూ కూర్చుంది. వెనకవన్నీ పేరుకుపోయాయి. హిమేనా రీస్టార్ట్ చేస్తే ఆ చెడ్డది వరుస చివరికి పోయి, మిగతావి కదిలాయి. దాని వంతు తిరిగి రాగానే మళ్ళీ ఆగింది. మధ్యాహ్నంలోగా మూడుసార్లు ఇదే తంతు. సరిదిద్దిన కోడ్ సిద్ధంగానే ఉంది గానీ పరీక్షలు పూర్తయి ఎక్కేది మర్నాడు ఉదయం ఎనిమిదికి.

ఈలోగా అలారం చెవులు చిల్లులు పొడుస్తోంది. వరుసలో రెండొందలు దాటితే చాలు, పని సాఫీగా నడుస్తున్నా మోగుతుంది. ప్రతి మోతకీ క్లయింటు వాళ్ళకి ఒక ఈమెయిల్ పోతుంది. పన్నెండో మోతకి హిమేనా దాని నోరు మూయించింది, మర్నాడు ఉదయం ఎనిమిది దాకా. అందులో తప్పేమీ లేదు. మూసినట్టు చెబితే చాలు.

రెండున్నరకి అప్పగింత రాయడం మొదలుపెట్టింది.

"ఏం జరిగింది: 10:40 నుంచి జాబితాల క్యూ మూడుసార్లు ఆగింది. కొత్త ఫారంలోంచి వచ్చిన ఒక తప్పు చిరునామా దగ్గర ప్రోగ్రామ్ ఇరుక్కుంటోంది.
ఇప్పుడు: నడుస్తోంది. మళ్ళీ ఆగుతుంది. సరిదిద్దిన కోడ్ రేపు ఉదయం 8కి.
ఆపి ఉంచినది: క్యూ అలారం. నేనే మూశాను, రేపు ఉదయం 8 దాకా. క్యూ ఆగినా మోగదు.
చూడాల్సింది: గంటకోసారి క్యూ లెక్క కంటితో చూడాలి. సాయంత్రం 7 నుంచి 9 దాకా, జాబితాలు వెళ్ళే వేళ, పదిహేను నిమిషాలకోసారి. 200 దాటి తగ్గకపోతే రీస్టార్ట్.
పిలవాల్సింది: రెండు రీస్టార్ట్‌లకీ కదలకపోతే నాకు ఫోన్, ఎన్నింటికైనా."

పంపే లోపు వెనకనుంచి ఫబ్రిసియో వంగి చూశాడు. టీమ్ లీడర్. మంచివాడే, తన కుర్చీ కదలనంత వరకు.

"ఇది చానల్‌లో పెడతావా?"

"మరెక్కడ పెడతాను?"

"చూడు, సోమవారం నుంచి ఇవోన్ కూడా ఆ చానల్‌లో ఉంది. క్లయింటు మనిషి. వచ్చే నెల ఒప్పందం కొనసాగించాలా వద్దా అని చూస్తున్నవాళ్ళకి, మేము అలారం మూశాం, మళ్ళీ ఆగుతుంది అని మనమే ఢంకా కొట్టి చెప్పాలా?"

"నిజమే కదా అది."

"నిజం కాదన్నానా? కొంచెం మెత్తగా రాయమంటున్నా. పరిశీలనలో ఉంది అని రాయి. వివరాలు విల్మార్‌కి నోటితో చెప్పు. మనిషి ఎదురుగానే ఉంటాడుగా."

హిమేనా ఒక్క క్షణం తటపటాయించింది. నోటితో చెబితే సరిపోతుందన్న మాట అబద్ధం కూడా కాదు. ఐదు వరుసలనూ కత్తిరించి తన సొంత నోట్స్‌లో దాచుకుని, చానల్‌లో ఇది పెట్టింది:

"ఉదయం జాబితాల క్యూలో కొద్దిపాటి ఆలస్యం, సరిచేశాం. క్యూ పరిశీలనలో ఉంది. శాశ్వత మార్పు రేపు ఉదయం. మిగతా అంతా ప్రశాంతం."

జీవితంలో మొదటిసారి 'అంతా ప్రశాంతం' అని రాసింది. చదువుకుంటే తనకే ఎవరిదో చేతిరాతలా అనిపించింది.

మూడింటికి పది నిమిషాలుండగా విల్మార్ వచ్చాడు. చంకలో థర్మాస్, చేతిలో బేకరీ పొట్లం. నిలబడే మెసేజ్ చదివి, కప్పు బొమ్మ అంటించాడు. హిమేనా అతన్ని లిఫ్ట్ వైపు తీసుకెళ్ళింది, అక్కడ చెబుదామని. సరిగ్గా అప్పుడే లిఫ్ట్ తలుపు తెరుచుకుని ఇవోన్ దిగింది, ఫబ్రిసియో ఎదురెళ్ళి చెయ్యి కలిపాడు. నలుగురూ ఆ ఇరుకు వసారాలో నిలబడ్డారు.

"ఆ క్యూ మీద ఒక కన్నేసి ఉంచు విల్మార్," అంది హిమేనా.

"అలాగే. అరిస్తే వెంటనే చూస్తాలే. నువ్వెళ్ళు, బస్సు పోతుంది."

అరవదు. ఆ ఒక్క మాట నాలుక చివర ఉంది. నాలుగే అక్షరాలు. ఇవోన్ ఆమెకేసే చూసి నవ్వుతోంది. ఫబ్రిసియో కనుబొమ్మలు కాస్త పైకి లేచాయి. హిమేనా కూడా నవ్వి లిఫ్ట్ ఎక్కింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకి తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

బస్సులో ఫోన్ తీసి "విల్మార్, ఆ అలారం" దాకా టైపు చేసింది. పైనుంచి ఫబ్రిసియో మెసేజ్ దిగింది: "విల్మార్‌తో మాట్లాడావుగా?" ఆమె "మాట్లాడాను" అని కొట్టింది. కొట్టాక నిజంగానే మాట్లాడేసినట్టు మనసు తేలికపడింది. సగం రాసినది అలాగే ఉండిపోయింది. చెల్లెలు ఫోన్ చేసింది, ఆ తర్వాత చలి, కూరగాయలు, వంట.

సాయంత్రం ఏడూ ఇరవైకి క్యూ ఆగింది. విల్మార్ నాలుగింటికి చూశాడు, ఆరింటికి చూశాడు, నలభై దాటలేదు. ఆ తర్వాత వేరే ఆసుపత్రి వాళ్ళ ఫిర్యాదు వస్తే దాని మీద కూర్చున్నాడు. క్యూకి ఏమన్నా అయితే అలారం ఉంది కదా అని ధీమా. అలారం నోరెత్తలేదు. రాత్రి అలారం మోగితే లేచి చూడాల్సిన ఇంజనీరు ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకున్నాడు, అతనికీ మోగలేదు. తెల్లవారుజామున వ్యాన్లు సగం జాబితాలతోనే బయల్దేరాయి. ఇవాళ జనం తక్కువే అని డ్రైవర్లు సంతోషించారు.

ముప్ఫై నాలుగు మందిని ఎవరూ ఎక్కించుకోలేదు. అన్సెల్మో అని డెబ్భై ఎనిమిదేళ్ళ ఆయన, వ్యాను వచ్చి వెళ్ళిపోతుందేమోనన్న భయంతో అక్కడ నడి చలికాలమైన జులైలో, చక్రాల కుర్చీలో వీధి అరుగు మీద గంటా నలభై నిమిషాలు కూర్చున్నాడు. ఊపిరి ఆడకపోతే పక్కింటివాళ్ళు అంబులెన్సు పిలిచారు. బతికాడు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మిగతావాళ్ళకి మధ్యాహ్నం ఎలాగో సర్దుబాటు చేశారు.

గురువారం సమీక్ష. ఆ ఆఫీసులో దాన్ని 'ఎవరినీ తప్పుపట్టని సమీక్ష' అంటారు. పేర్లు తీసుకోరు, వేళ్ళు చూపరు, పద్ధతుల గురించి మాత్రమే మాట్లాడతారు. చాలా గొప్ప ఆచారం. పేరు తీయకుండా మనిషిని ముంచడానికి ఇంతకంటే శుభ్రమైన ఏర్పాటు ఇంకోటి లేదు. ఫబ్రిసియో కాగితంలో ఇలా రాశాడు: "సాయంత్రపు షిఫ్ట్ ఇంజనీరుకి క్యూ పరిశీలనలో ఉందని రాతపూర్వకంగానూ నోటితోనూ తెలియజేయబడింది. 18:00 తర్వాత క్యూ చూడబడలేదు." సాయంత్రపు షిఫ్ట్‌లో ఉన్న ఇంజనీరు ఒక్కడే. బల్ల చివర థర్మాస్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"అలారం మూసి ఉందని నాకు తెలీదు," అన్నాడు విల్మార్.

"మూసిన అలారాల పట్టీ తెరమీద ఉంటుంది," అన్నాడు ఫబ్రిసియో మెల్లిగా. "ఎవరైనా తెరిచి చూడొచ్చు. నేను ఎవర్నీ అనట్లేదు. హిమేనా, నువ్వు రాసింది స్పష్టంగానే ఉంది కదా?"

అందరూ ఆమె వైపు తిరిగారు. వీడియో కాల్ తెరమీద ఇవోన్ ముఖం కూడా ఉంది. ఆ సమావేశానికి ముందే ఫబ్రిసియో హిమేనాను పక్కకి పిలిచి, "ఎవరినీ ఉరితీయం, కంగారు పడకు. అలారం మూసింది నువ్వేనన్న సంగతి కూడా అనవసరంగా లాగొద్దు," అన్నాడు. ఆ 'నువ్వే' అన్న మాటని ఒత్తి పలికాడు. నిజం చెబితే ఫబ్రిసియో ఒక్కడే పడడు, తనూ పడుతుంది. మూసింది తను. మాట్లాడాను అని రాసిచ్చింది తను.

"పరిశీలనలో ఉందని రాశాను," అంది.

విల్మార్ ఆమెకేసి చూశాడు. కోపంగా కాదు. ఎర్ర అట్ట కోసం స్విచ్ చుట్టూ వెతికినట్టు చూశాడు, దొరక్క తల దించుకున్నాడు. ఆమె పళ్ళ బిగువున కూర్చుంది. సమీక్ష అయ్యాక చెబుదాం అనుకుంది. సాయంత్రం, రేపు పొద్దున, అలా అనుకుంటూనే ఉంది.

శుక్రవారం ఒంటిగంటకి విల్మార్‌ని పైకి పిలిచారు. పావుగంటలో దిగొచ్చాడు. సొరుగులోంచి కళ్ళజోడు పెట్టె, ఒక స్వెట్టరు తీసుకున్నాడు.

"ఏమన్నారు?" అంది హిమేనా, ఏమన్నారో ముఖం మీదే రాసున్నా.

"పరీక్షా కాలం పూర్తయిందట. కంపెనీ అవసరాలకి సరిపోలేదట. మర్యాదగానే చెప్పారు."

"విల్మార్, నేను..."

"వదిలెయ్యమ్మాయీ. నువ్వు రాసింది నేను చదివాను. రాయనిది చదవడం నాకు చేతకాలేదు."

అంతే. థర్మాస్ చంకలో పెట్టుకుని మెట్ల మీదుగా వెళ్ళిపోయాడు, లిఫ్ట్ కోసం ఆగలేదు. హిమేనాకి ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది.

రెండున్నరకి తన నోట్స్ తెరిచింది. మంగళవారం కత్తిరించి దాచిన ఐదు వరుసలూ అక్కడే ఉన్నాయి. శుక్రవారం అప్పగింత రాసింది, క్యూ బాగుంది, కొత్త కోడ్ ఎక్కింది, మూసిన అలారాలు ఏవీ లేవు. దాని కింద ఇంకొకటి రాసింది.

"మంగళవారం సంగతి.
ఏం జరిగింది: క్యూ అలారం మూసింది నేను. ఆ వివరం ఉన్న అప్పగింత రాశాను, అది కింద ఉంది. క్లయింటు చూస్తారని ఫబ్రిసియో మార్చమంటే మార్చాను. మార్చింది నా చేతులే.
చెప్పనిది: అలారం మోగదని విల్మార్‌కి రాయలేదు, నోటితోనూ చెప్పలేదు. అరిస్తే చూస్తానని అతను నా ఎదురుగానే అన్నాడు. అరవదని నాకు తెలుసు. ఊరుకున్నాను. మాట్లాడానని ఫబ్రిసియోకి అబద్ధం రాశాను.
చూడాల్సింది: సమీక్ష కాగితంలో 'నోటితోనూ తెలియజేయబడింది' అన్న వాక్యం నిజం కాదు. దిద్దాలి.
పిలవాల్సింది: విల్మార్‌ని."

కింద మంగళవారం నాటి ఐదు వరుసలూ అంటించి పంపేసింది. అది ఆమె రాసిన వాటన్నిటిలోకీ స్పష్టమైన అప్పగింత. ఎవరూ ఫోన్ చేసి ఇంకో ప్రశ్న అడగాల్సిన పని లేదు.

ఎవరూ అడగలేదు కూడా. రెండో నిమిషంలో ఎవరో అలవాటు చొప్పున కప్పు బొమ్మ అంటించి, నాలిక్కరుచుకున్నట్టు వెంటనే తీసేశారు. హిమేనా విల్మార్ కోసం చూసింది. మెసేజ్‌లో అతని పేరు మీద నొక్కితే బూడిద రంగులో చిన్న అక్షరాలు వచ్చాయి: 'ఈ ఖాతా మూసివేయబడింది.' ఒంటిగంటన్నరకే తీసేశారు. ఎవరి కోసం రాసిందో ఆ ఒక్కడికే అది కనబడదు.

నాలుగో నిమిషానికి మెసేజ్ మాయమైంది. ఫబ్రిసియో తన గదిలోంచి లేచి రావడం అద్దంలోంచి కనబడింది. వచ్చే వారం నుంచి షిఫ్ట్‌ల పట్టీలో నీ పేరుండదు అని చెప్పడానికే వస్తున్నాడని అప్పటికి ఆమెకి తెలీదు, తెలిసినా లెక్కచేసేది కాదు. ఫోన్ పట్టుకుని కొన్ని మెట్లు దిగి విల్మార్ నంబరు నొక్కింది.

చాలాసేపు మోగాక ఎత్తాడు. వెనక కెటిల్ బుసకొడుతున్న చప్పుడు.

"విల్మార్, నీకొకటి చదివి వినిపించాలి. మధ్యలో ఆపొద్దు."

"చదువు."

చదివింది. మంగళవారంది, శుక్రవారంది, రెండూ. అవతల కెటిల్ చప్పుడు ఆగిపోయింది, అతను స్టవ్ కట్టేసినట్టున్నాడు.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయింది."

"బాగా రాశావు. ఒక్క అనుమానం కూడా మిగల్లేదు." థర్మాస్ మూత బిగించిన చప్పుడు వినబడింది. "ఇది నాకు మంగళవారం మూడింటికి కావాల్సిందమ్మాయీ."

ఫోన్ పెట్టేశాడు. పైన మూడో అంతస్తులో ఎవరో ఆమెను పేరు పెట్టి పిలుస్తున్నారు. టైము చూసుకుంది. మూడు దాటి ఆరు నిమిషాలైంది.